ఏప్రిల్ 1 నుంచి ఇవాళ్టికి ఎన్ని రోజులు? వడ్డీకైనా, ట్యాక్స్‌కైనా ఒకటే లెక్క (ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్)

మా వైపు, అంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం సైడ్‌లో డబ్బుని "లెక్క" అంటామని మీకు తెలుసు కదా. "లెక్క ఉందా అన్నా?" అంటే డబ్బులున్నాయా అని. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ లెక్క గురించీ, ఈ లెక్క గురించీ కూడా. రోజులు లెక్కపెట్టడం తప్పితే చేతిలో ఉన్న లెక్క ఎలా పోతుందో చూద్దాం. ఫోన్‌లో కాలిక్యులేటర్ ఓపెన్ చేసి పెట్టుకోండి, మధ్యలో వాడదాం.

ముందు కుప్పం నుంచి ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక తమ్ముడు 2024 జూన్ 12న లక్ష రూపాయలు చేబదులు తీసుకున్నాడు అనుకోండి. ప్రామిసరీ నోటు రాశాడు. వడ్డీ నూటికి రెండు రూపాయలు. అంటే నెలకి 2 శాతం, ఏడాదికి 24 శాతం. 2025 మార్చి 20న డబ్బులు తీసుకుని తీర్చడానికి వెళ్ళాడు. ఇచ్చినాయన వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "జూన్, జులై, ఆగస్టు... మార్చి. పది నెలలు అయింది నాయనా. వడ్డీ ఇరవై వేలు" అన్నాడు. తమ్ముడికి ఏదో తేడాగా అనిపించింది, కానీ ఎక్కడ తేడా ఉందో చెప్పలేకపోయాడు. ఇచ్చేసి వచ్చేశాడు.

అసలు ఎంత ఇవ్వాలి? అది తెలియాలంటే జూన్ 12కీ మార్చి 20కీ మధ్య ఎన్ని రోజులో తెలియాలి. క్యాలెండర్ పట్టుకుని ఒక్కో రోజూ లెక్కపెట్టొచ్చు, కానీ మధ్యలో ఎవరైనా పిలిస్తే మళ్ళీ మొదటికి వస్తాం. దీనికి ఒక సులువైన దారి ఉంది. ప్రతి తేదీకీ ఒక నంబర్ ఇవ్వడం. ఏప్రిల్ 1కి నంబర్ 1. ఏప్రిల్ 2కి 2. అలా వెళ్తే మార్చి 31కి 365. రెండు తేదీల నంబర్లు తెలిస్తే ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడమే.

జనవరి నుంచి కాకుండా ఏప్రిల్ నుంచే ఎందుకు అంటారా? మన దేశంలో ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. 1867లో బ్రిటిష్ వాళ్ళ హయాంలో పెట్టిన పద్ధతి అది, ఇప్పటికీ నడుస్తోంది. ఇన్‌కమ్ ట్యాక్స్, షాపు పద్దులు, బ్యాంకు పుస్తకాలు అన్నీ ఆ ప్రకారమే. కాబట్టి ట్యాక్స్ కోసం ఏ రోజులు లెక్కపెట్టినా మొదలు ఏప్రిల్ 1 దగ్గరే.

తేదీకి నంబర్ ఎలా ఇవ్వాలి?

దీనికి కావాల్సింది ఒకటే. ఆ నెల మొదలయ్యే ముందు ఎన్ని రోజులు అయిపోయాయి అని. దానికి తేదీ కలిపితే నంబర్ వచ్చేస్తుంది. స్క్రీన్ మీద చూడండి, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఏప్రిల్: 0
మే: 30
జూన్: 61
జులై: 91
ఆగస్టు: 122
సెప్టెంబర్: 153
అక్టోబర్: 183
నవంబర్: 214
డిసెంబర్: 244
జనవరి: 275
ఫిబ్రవరి: 306
మార్చి: 334

పన్నెండు నంబర్లు గుర్తుపెట్టుకోవాలా అని భయపడకండి. ఇందులో ఒక అందమైన విషయం ఉంది. ఏప్రిల్ నుంచి ఆగస్టు వరకు నెలల్లో రోజులు చూడండి: 30, 31, 30, 31, 31. మొత్తం 153. ఇప్పుడు సెప్టెంబర్ నుంచి జనవరి వరకు చూడండి: 30, 31, 30, 31, 31. అదే వరస, అదే 153! అంటే మొదటి ఐదు నెలలు వచ్చేస్తే తర్వాతి ఐదు నెలలు వచ్చేసినట్టే, 153 కలుపుకుంటూ పోవడమే. జనవరి నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టేవాళ్ళకి ఈ సుఖం లేదు, వాళ్ళకి రెండో నెలలోనే ఫిబ్రవరి అడ్డం వస్తుంది.

ఐదు నెలలకి 153 అంటే నెలకి సగటున 30.6. ఇక్కడే కాలిక్యులేటర్ ట్రిక్ ఉంది. ఏప్రిల్‌ని 0 అనుకోండి, మేని 1, జూన్‌ని 2, అలా ఫిబ్రవరి 10 వరకు. ఆ అంకెని 30.6తో గుణించండి. చుక్క తర్వాత వచ్చింది వదిలేయండి. అంతే, పైన చెప్పిన లిస్టు వచ్చేస్తుంది. జూన్ చూద్దామా? 2 × 30.6 = 61.2. పాయింట్ తర్వాతది తీసేస్తే 61. డిసెంబర్? 8 × 30.6 = 244.8. రౌండ్ చేసి 245 అనకూడదు, కోసేయాలి. 244. కరెక్ట్.

మార్చి ఒక్కటే మాట వినదు. 11 × 30.6 = 336.6 వస్తుంది, కానీ నిజానికి 334. ఎందుకంటే ఈ ట్రిక్ ఫిబ్రవరికి 30 రోజులు అనుకుంటుంది, ఉన్నవి 28. అందుకని మార్చికి మాత్రం 336లోంచి 2 తీసేయండి. ఇదొక్కటి గుర్తుంచుకుంటే చాలు.

ఇప్పుడు కుప్పం తమ్ముడి దగ్గరికి వద్దాం

జూన్ 12 నంబర్: 61 + 12 = 73. మార్చి 20 నంబర్: 334 + 20 = 354. తీసివేస్తే 281 రోజులు.

లక్షకి ఏడాదికి 24 శాతం. కాలిక్యులేటర్‌లో ఇలా కొట్టండి: 100000 × 24 × 281 ÷ 36500. వచ్చింది 18,476 రూపాయల 71 పైసలు. కింద 36500 ఎందుకంటే 365 రోజులకీ, నూటికీ కలిపి ఒకేసారి భాగించేశాం.

ఇచ్చినాయన అడిగింది 20,000. తేడా 1,523 రూపాయలు. ఎక్కడ వచ్చిందీ తేడా? ఆయన నెలల పేర్లు లెక్కపెట్టాడు. జూన్ కూడా ఒక నెల, మార్చి కూడా ఒక నెల అన్నాడు. కానీ జూన్‌లో డబ్బు తమ్ముడి దగ్గర ఉన్నది 18 రోజులు. మార్చిలో ఉన్నది 20 రోజులు. రెండు ముక్కలకి రెండు పూర్తి నెలల వడ్డీ పడింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. నూటికి రెండు అనేది నెల వడ్డీ. కాబట్టి నెలల లెక్కే వేసుకుందాం అంటే అదీ తప్పు కాదు. జూన్ 12 నుంచి మార్చి 12కి 9 నెలలు, ఆ పైన 8 రోజులు. తొమ్మిది నెలలకి 18,000. ఎనిమిది రోజులకి 2,000లో 30వ వంతు చొప్పున 533. మొత్తం 18,533. రోజుల లెక్కకీ దీనికీ 56 రూపాయలే తేడా. ఈ రెండిట్లో ఏదైనా ఒప్పుకోవచ్చు. గొడవంతా మొదలైన నెలని పూర్తి నెలగా పట్టడం దగ్గరే.

ఇంకో చిన్న మెలిక ఉంది. కొందరు రోజులు సరిగ్గా 281 అనే పెడతారు, కానీ ఏడాదిని 360 రోజులుగా తీసుకుని భాగిస్తారు. అప్పుడు 18,733 వస్తుంది. 257 రూపాయలు ఎక్కువ. పైన రోజులు క్యాలెండర్ ప్రకారం లెక్కపెడితే కింద కూడా 365 ఉండాలి. పైన నెలకి 30 చొప్పున లెక్కపెడితే కింద 360 ఉండొచ్చు. పైన క్యాలెండర్ రోజులు పెట్టి కింద 360 పెడితే ఎప్పుడూ ఇచ్చినవాళ్ళకే లాభం. అందుకే నోటు రాసేటప్పుడే "వడ్డీ రోజుల లెక్కన, సంవత్సరానికి 365 రోజులుగా" అని ఒక లైన్ రాయించుకోండి. తర్వాత వాదించుకునే పని ఉండదు.

మొదటి రోజు కలపాలా, వద్దా?

ఈ డౌట్ చాలామందికి వస్తుంది. జూన్ 12 నుంచి మార్చి 20 అన్నప్పుడు 281నా, 282నా? నంబర్లు తీసివేస్తే 281. రెండు చివరి రోజులూ కలిపితే 282.

దీనికి జవాబు మనం దేన్ని లెక్కపెడుతున్నాం అనే దాంట్లో ఉంది. వడ్డీకి మనం లెక్కపెట్టేది రోజుల్ని కాదు, డబ్బు అవతలివాళ్ళ దగ్గర పడుకున్న రాత్రుల్ని అనుకోండి. ఇవాళ తీసుకుని రేపు ఇచ్చేస్తే ఒక రాత్రి. అంటే ఒక రోజు వడ్డీ, రెండు రోజులది కాదు. అందుకే వడ్డీకి ఉత్తి తీసివేత చాలు. మన చట్టాలు చదివే పద్ధతి చెప్పే 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్ట్‌లో కూడా ఇదే ఉంది. "ఫలానా తేదీ నుంచి" అంటే ఆ మొదటి రోజుని వదిలేయాలి. "ఫలానా తేదీ వరకు" అంటే ఆ చివరి రోజుని కలపాలి.

కానీ ఒక వస్తువుని ఎన్ని రోజులు వాడాం అని అడిగితే అప్పుడు మొదటి రోజు కూడా వాడిన రోజే, చివరి రోజు కూడా వాడిన రోజే. అక్కడ తీసివేసి 1 కలపాలి. ఈ తేడా ఎక్కడ కొంప ముంచుతుందో కాసేపట్లో మదనపల్లె ఉదాహరణలో చూద్దాం. దానికన్నా ముందు పుంగనూరు వెళ్దాం.

మార్చి 31 దాటితే ఏం చేయాలి? పుంగనూరు షాపు లెక్క

పుంగనూరులో ఒక అక్క ఎలక్ట్రికల్ షాపు నడుపుతోంది అనుకుందాం. నెల నెలా జీఎస్టీ రిటర్న్ వేస్తుంది. 2025 జనవరి నెల రిటర్న్‌కి గడువు ఫిబ్రవరి 20. ఆ నెల నగదుగా కట్టాల్సిన ట్యాక్స్ 36,000. కానీ పార్టీల నుంచి డబ్బు రాలేదు, కట్టింది ఏప్రిల్ 5న. జీఎస్టీ ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ, అదీ రోజుల లెక్కన.

ఫిబ్రవరి 20 నంబర్: 306 + 20 = 326. ఏప్రిల్ 5 నంబర్: 5. ఇప్పుడు 5లోంచి 326 తీసివేస్తే మైనస్ వస్తుంది! కంగారు పడకండి. మధ్యలో ఏడాది మారింది కదా. రెండు ముక్కలు చేయాలి. పాత ఏడాదిలో మిగిలినవి 365 − 326 = 39 రోజులు. కొత్త ఏడాదిలో గడిచినవి 5 రోజులు. మొత్తం 44.

వడ్డీ: 36000 × 18 × 44 ÷ 36500 = 781 రూపాయల 15 పైసలు. లేట్ ఫీజు వేరే ఉంటుంది, దాన్ని దీంతో కలపకండి.

ఈ రెండు ముక్కలు చేయడం ఉత్తి కూడిక కోసమే కాదు. ట్యాక్స్‌లో అసలు పని ఇదే. కుప్పం తమ్ముడు ఆ లక్ష వ్యాపారం కోసం తీసుకున్నాడనీ, మార్చి 20న తీర్చలేదనీ, పద్దులు అంతా రావాల్సింది ఇవ్వాల్సింది పద్ధతిలో రాస్తున్నాడనీ అనుకోండి. ఆ ఏడాది ఖర్చు కింద ఎంత వడ్డీ రాయాలి? జూన్ 12 నంబర్ 73. మార్చి 31 నంబర్ 365. తేడా 292 రోజులు. లక్షకి 24 శాతం చొప్పున సరిగ్గా 19,200. అంతవరకే ఆ ఏడాదిది. ఏప్రిల్ 1 నుంచి నడిచేది వచ్చే ఏడాది ఖాతాలో పడుతుంది. అప్పుడు నంబర్ మళ్ళీ 1 నుంచి మొదలు. అందుకే ఏ తేదీ నంబర్ చూసినా, "ఈ ఏడాది ఇంతవరకు ఎన్ని రోజుల వడ్డీ నడిచింది" అనేది వెంటనే తెలిసిపోతుంది.

180 రోజుల గీత: మదనపల్లె బండి

ఇప్పుడు మదనపల్లె వెళ్దాం. దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటి అక్కడుంది. మార్కెట్లో వ్యాపారం చేసే ఒక అన్న, సొంత సరుకు తోలుకోవడానికి 9 లక్షలు పెట్టి పికప్ బండి కొన్నాడు అనుకుందాం. పద్దులు రాసి లాభం చూపించే అన్న. బండి ఏటా అరిగిపోతుంది కాబట్టి దాని విలువలో కొంత ఖర్చు కింద చూపించుకోవచ్చు. దాన్నే డిప్రిసియేషన్ అంటారు. సొంత వ్యాపారానికి వాడే ఇలాంటి బండికి ఏడాదికి 15 శాతం. 9 లక్షలకి 1,35,000.

కానీ ఒక షరతు ఉంది. కొన్న ఏడాదిలో ఆ బండిని 180 రోజుల కంటే తక్కువ వాడితే సగమే ఇస్తారు. అంటే 67,500. మధ్యలో మెట్లేం లేవు. 180 రోజులైతే పూర్తిగా, 179 అయితే సగం.

అన్న బండి తెచ్చుకున్నది 2024 సెప్టెంబర్ 30న. "ఆరు నెలలు ఉంది కదా, పూర్తిగా వస్తుంది" అనుకున్నాడు. రిజిస్ట్రేషన్ అయి, మొదటి లోడు ఎక్కింది అక్టోబర్ 6న. ఇప్పుడు లెక్క చూడండి. అక్టోబర్ 6 నంబర్: 183 + 6 = 189. ఇది వాడిన రోజుల లెక్క కాబట్టి రెండు చివరలూ కలపాలి. 365 − 189 + 1 = 177. మూడు రోజులు తక్కువ. సగమే వస్తుంది.

మరి గీత ఎక్కడుంది? 180 రోజులు మిగలాలంటే నంబర్ 186 కావాలి. అక్టోబర్ ముందు 183 అయిపోయాయి. అంటే అక్టోబర్ 3. ఆ రోజు పనిలోకి దిగినా పూర్తిగా వస్తుంది, అక్టోబర్ 4న దిగితే రాదు. ఉత్తి తీసివేత చేసి 1 కలపడం మర్చిపోయినవాళ్ళు అక్టోబర్ 3న దిగిన బండికి 179 అనుకుని, హక్కుగా రావాల్సింది వదిలేసుకుంటారు.

ఇంకో తప్పు: కొన్న తేదీ పట్టుకోవడం. చట్టం అడిగేది కొన్న తేదీ కాదు, పనిలోకి దిగిన తేదీ. షోరూమ్ బిల్లు సెప్టెంబర్ 30న ఉన్నంత మాత్రాన సరిపోదు. మొదటి లోడు బిల్లు, డీజిల్ బిల్లు, టోల్ రసీదు లాంటివి దాచుకోండి. అడిగితే చూపించాల్సింది అవే.

మిగతా సగం పూర్తిగా పోయినట్టేనా? కాదు. ఈ ఏడాది తగ్గించనిది బండి విలువలో అలాగే ఉంటుంది, తర్వాతి ఏళ్ళలో దాని మీద 15 శాతం చొప్పున వస్తుంది. కానీ ఈ ఏడాది కట్టే ట్యాక్స్ మాత్రం ఎక్కువవుతుంది. ఇంకో విషయం, పద్దులు రాయకుండా అమ్మకాల మీద ఇంత శాతం లాభం అని చూపించే పద్ధతిలో ఉన్నవాళ్ళకి ఈ లెక్క వేరేగా అవసరం లేదు. ఆ శాతంలోనే డిప్రిసియేషన్ కలిసిపోయి ఉంటుంది.

లీపు సంవత్సరం ఎక్కడ దూరుతుంది?

ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. 2024 లీపు సంవత్సరం. మరి 2024-25 ఆర్థిక సంవత్సరంలో 366 రోజులా? కాదు! 2024 ఫిబ్రవరి 29 వచ్చింది 2023-24లో. 2024-25లో ఉన్న ఫిబ్రవరి 2025ది, దానికి 28 రోజులే. రూల్ ఏంటంటే, ఆర్థిక సంవత్సరం పేరులో రెండో ఏడాది చూడాలి. అది లీపు అయితేనే 366. తర్వాతది 2027-28.

ఏప్రిల్ నుంచి మొదలుపెట్టడంలో ఇంకో సుఖం ఇక్కడే ఉంది. ఫిబ్రవరి 29 నంబర్ 335. అంటే ఏడాది దాదాపు చివర్లో వస్తుంది. కాబట్టి ఏప్రిల్ 1 నుంచి ఫిబ్రవరి 28 వరకు నంబర్లు ఏ ఏడాదైనా మారవు. మారేది మార్చి ఒక్కటే. మార్చి ముందు 334 బదులు 335 వస్తుంది, ఏడాది మొత్తం 365 బదులు 366 అవుతుంది. అంతే.

దీని ప్రభావం చూడండి. పుంగనూరు అక్క ఆలస్యం ఒక ఏడాది ముందు, అంటే 2024లో జరిగి ఉంటే? 366 − 326 + 5 = 45 రోజులు, ఒక రోజు ఎక్కువ. మదనపల్లె అన్న గీత 2023-24లో అయితే? 366 − 187 + 1 = 180. నంబర్ 187 అంటే అక్టోబర్ 4. ఒక రోజు వెసులుబాటు దొరికేది. గతేడాది ఎవరో "అక్టోబర్ 4 వరకు టైముంది" అన్నారని ఈ ఏడాది కూడా అదే పట్టుకుంటే 67,500 ఖర్చు చూపించుకునే ఛాన్స్ ఈ ఏడాదికి పోయినట్టే.

ఫోన్‌లో షీట్ పెట్టుకోవాలంటే

రోజూ చూసుకునే పని ఉంటే గూగుల్ షీట్స్‌లో ఒక లైన్ పెట్టుకోండి. A1లో తేదీ రాసి, పక్కన ఇది పెట్టండి:

```
=A1-DATE(YEAR(A1)-(MONTH(A1)<4),4,1)+1
```

ఇది ఏం చేస్తుందంటే, నెల ఏప్రిల్‌కి ముందుదైతే, అంటే జనవరి, ఫిబ్రవరి, మార్చి అయితే, ఏడాదిని ఒకటి వెనక్కి జరిపి ఆ ఏప్రిల్ 1 పట్టుకుంటుంది. అక్కడి నుంచి మీ తేదీకి నంబర్ ఇస్తుంది. లీపు సంగతి అదే చూసుకుంటుంది. జవాబు చోట నంబర్ బదులు ఏదో 1900 నాటి తేదీ కనిపిస్తే భయపడొద్దు, ఆ గడి ఫార్మాట్‌ని నంబర్‌కి మార్చండి.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. షీట్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే నెల ముందు, తేదీ తర్వాత చదువుతుంది. 05/04/2025 అని రాస్తే మనకి ఏప్రిల్ 5, దానికి మే 4. ఎర్రర్ ఏమీ చూపించదు, సైలెంట్‌గా తప్పు లెక్క ఇస్తుంది. అందుకే మొదటిసారి 05/04/2025 రాసి టెస్ట్ చేయండి. 5 వస్తే కరెక్ట్. 34 వస్తే అది మే 4 అనుకుంటోంది. షీట్ సెట్టింగ్స్‌లో లొకేల్‌ని ఇండియాకి మార్చండి.

రోజులు అసలు పనికిరాని చోటు

చివరగా ఒక్క మాట. ఇంత కష్టపడి రోజులు లెక్కపెట్టడం నేర్చుకున్నాం కదా అని అన్నిచోట్లా వాడకండి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ గడువు దాటి వేస్తే, కట్టాల్సిన ట్యాక్స్ మీద పడే వడ్డీ నెలకి 1 శాతం. అక్కడ నెలలో ఒక్క రోజు పడినా పూర్తి నెలే. గడువు దాటి ఒక రోజు ఆలస్యమైనా నెల వడ్డీ, ఇరవై రోజులు ఆలస్యమైనా అదే నెల వడ్డీ. కుప్పంలో ఇచ్చినాయన పట్టుకున్న పద్ధతి గుర్తుందా? మొదలైన నెల పూర్తి నెల అని. దాదాపు అలాంటిదే. కాకపోతే ఇక్కడ అది చట్టంలోనే రాసి ఉంది, అక్కడ నోటులో రాసి లేదు.

కాబట్టి లెక్క మొదలుపెట్టే ముందు కాగితం చూడండి, రోజులకా నెలలకా అని. రోజులకైతే తేదీల నంబర్లు వేయండి. వడ్డీకైతే తీసివేయండి, వాడకానికైతే తీసివేసి 1 కలపండి. మధ్యలో మార్చి 31 ఉంటే రెండు ముక్కలు చేయండి.

మీ దగ్గర పాత ప్రామిసరీ నోటు ఏదైనా ఉంటే ఇవాళే తీసి, ఇవాళ్టి తేదీకి వడ్డీ ఎంతయిందో వేసి చూడండి. ఇచ్చినవాళ్ళు చెప్పేదానికీ మీకు వచ్చినదానికీ తేడా ఉంటే, ఆ తేడా మొదటి నెలలో ఉందా, చివరి నెలలో ఉందా, 360లో ఉందా అనేది ఇప్పుడు మీరే చెప్పగలరు.